సంపాదకుడి దగ్గర బస్సులుండవు

రండి, ఆ పీట ఇలా లాక్కుని కూర్చోండి. కార్తీకం వెళ్ళకముందే చలి ముదిరింది, అందుకే వాకిట్లో నాలుగు పుల్లలు రాజేశాను. ఆ గిన్నెలో ఉడకబెట్టిన వేరుశెనక్కాయలున్నాయి, మొహమాటపడకండి. మీరొచ్చేసరికి మా మనవరాలితో ఓ చిన్న పంచాయితీ నడుస్తోంది. ఈ ఏడు తనది పదో తరగతి. తెలుగు మాస్టారు ఇంటిపని ఇచ్చారట: “మీ ఊరికి బస్సు సౌకర్యం సరిగా లేదని వివరిస్తూ పత్రికా సంపాదకునికి లేఖ రాయండి.” రాసేసి, “తాతయ్యా, ఒక్కసారి చూడండి” అంటూ కాగితం నా చేతిలో పెట్టింది. నేను ముప్ఫయ్యేళ్ళు బళ్ళో పాఠం చెప్పినవాణ్ణి. దిద్దమంటే ఊరుకుంటానా?

చక్కని దస్తూరి. మొదటి వాక్యం: “నేను ఇక్కడ క్షేమం, మీరు అక్కడ క్షేమమని తలుస్తాను.” నవ్వకండి. నా కాలంలో కట్టకు నాలుగైదు కాగితాల్లో ఈ క్షేమసమాచారం కనబడేది. చిన్న తరగతుల్లో స్నేహితుడికీ నాన్నగారికీ రాసిన ఉత్తరాలు చేతికి అలవాటైపోయి, సంపాదకుడి దాకా నడిచి వస్తాయి. ఆ తరువాత: “మా ఊరికి బస్సులు సరిగా రావడం లేదు. ప్రజలు నానా ఇబ్బందులు పడుతున్నారు. కావున తమరు దయతలచి వెంటనే మా ఊరికి బస్సులు వేయించగలరని ప్రార్థన.” కింద, “ఇట్లు, తమ విధేయురాలు.”

“అమ్మడూ, సంపాదకుడి దగ్గర ఎన్ని బస్సులున్నాయే?” అన్నాను.

కాసేపు నా మొహం చూసి, “ఆయన దగ్గర బస్సులెందుకుంటాయి?” అంది.

“మరి ఆయన్ని వేయించమంటావేం?”

పిల్లలు చేసే అసలు తప్పు ఇదేనండీ. తారీఖు మరిచిపోవడం లాంటివి దీని తరువాతే. ఈ ఉత్తరంలో మనుషులు ముగ్గురు. రాసేది మనం. అచ్చువేసేది సంపాదకుడు. బస్సు తిప్పేది డిపో మేనేజరు. ఉత్తరం మీద ఉండేది రెండోవాడి పేరు, పని జరగాల్సింది మూడోవాడి చేత. అందుకే పెద్దలు ఓ మాట ఖాయం చేసి పెట్టారు: “మీ పత్రిక ద్వారా అధికారుల దృష్టికి తీసుకురావలసిందిగా కోరుతున్నాను.” అది మర్యాద కోసం పెట్టిన మాట అనుకుంటారు గానీ, ఎవరిని ఏం అడుగుతున్నామో తేల్చేది ఆ ఒక్క వాక్యమే. అది లేకపోతే సంపాదకుడికి రాసిన లేఖ కాస్తా డిపోకి పెట్టుకున్న అర్జీ అయిపోతుంది.

“విధేయురాలు” కూడా అలాగే వచ్చి చేరింది. సెలవు చీటీ రాసేటప్పుడు ప్రధానోపాధ్యాయుడికి మనం విధేయులం. సంపాదకుడికి మన మీద అధికారం లేదు, ఆయనకు మనం పాఠకులం. అక్కడ “భవదీయుడు”, ఆడపిల్ల అయితే “భవదీయురాలు” సరిపోతుంది.

ఇక “నానా ఇబ్బందులు”. సరే, ఏ ఇబ్బందో చెప్పవే అన్నాను. పొద్దున బస్సు ఆలస్యమంది, సీట్లు చిరిగిపోయాయంది, కండక్టరు చిల్లర ఇవ్వడంది, షెల్టరు కురుస్తుందంది. అన్నీ నిజాలే. కానీ పరీక్షలో ఉన్నది ఒక పేజీ. నాలుగు బాధలకు తలా ఒక వాక్యం పంచితే ఏదీ గుర్తుండదు. “వీటిలో నిన్ను ఏడిపించేది ఏది?” అని అడిగాను. అప్పుడు బయటపడింది సాయంత్రం బస్సు సంగతి. బడి వదిలేది నాలుగున్నరకు. బస్సు మాత్రం నాలుగుంబావుకే కదిలిపోతుంది. తరువాతిది ఏడింటికి. అంటే పిల్లలు గేటు దాటేసరికి బస్సు వెళ్ళిపోయి పావుగంట!

“ఇదీ ఉత్తరం” అన్నాను. ఒక బస్సు, ఒక వేళ, ఒక కోరిక. ఆ కోరిక కూడా ఎంత చిన్నదో చూడండి. కొత్త బస్సు అక్కర్లేదు, ఉన్న బస్సు అరగంట ఆగి బయలుదేరితే చాలు. ఇద్దరం కలిసి మళ్ళీ రాశాం. ఇదిగో, చదువుతాను వినండి. ఊరి పేరు పరీక్ష కోసం పెట్టుకున్నదే.

                                        రామాపురం,
                                        తేది: 18-11-2025.

పత్రికా సంపాదకులు గారికి,
నమస్కారములు.

విషయం: రామాపురం సాయంత్రం బస్సు వేళ మార్పు గురించి.

ఆర్యా,

మా ఊరి నుంచి మండల కేంద్రంలోని ఉన్నత పాఠశాలకు రోజూ సుమారు నలభై మంది విద్యార్థులం బస్సులో వెళ్ళి వస్తున్నాం. సాయంత్రం మా ఊరి బస్సు 4.15కు బయలుదేరుతుంది. మా బడి వదిలేది 4.30కు. తరువాతి బస్సు 7 గంటలకు గానీ లేదు.

ఆ రెండున్నర గంటలూ మేము బస్టాండులోనే గడపవలసి వస్తోంది. 7 గంటల బస్సు గత రెండు వారాల్లో నాలుగు రోజులు రాలేదు. ఆ రోజుల్లో 11 కిలోమీటర్లు ఆటోల్లో కిక్కిరిసి ప్రయాణించాం. చీకటి పడ్డాక ఇల్లు చేరుతున్నందున ఆడపిల్లలను బడికి పంపడానికి కొందరు తల్లిదండ్రులు వెనకాడుతున్నారు.

4.15 బస్సును 4.45కు మారిస్తే కొత్త బస్సు అవసరం లేకుండానే మా సమస్య తీరుతుంది. ఈ విషయాన్ని మీ పత్రిక ద్వారా డిపో అధికారుల దృష్టికి తీసుకురావలసిందిగా కోరుతున్నాను.

కృతజ్ఞతలతో,

                                        ఇట్లు,
                                        భవదీయురాలు,
                                        × × ×
                                        పదో తరగతి.

చిరునామా:
సంపాదకులు గారు,
× × × దినపత్రిక,
హైదరాబాదు.

మూడు పేరాలు ఎలా కూర్చున్నాయో చూశారా? మొదటిది ఎవరికి, ఎక్కడ, ఏ వేళకు అన్నది. రెండోది దానివల్ల ఏం జరుగుతోందన్నది. మూడోది ఏం చేస్తే తీరుతుంది, ఎవరు చెయ్యాలి అన్నది. దిద్దేవాడికి కావలసింది అంతే. కుడివైపు పైన ఊరూ తేదీ, ఎడమన సంబోధన, విషయం ఒక్క ముక్కలో, కింద కుడివైపు సంతకం, అడుగున ఎడమన చిరునామా. ఈ చివరిదే చాలామంది వదిలేస్తారు. ఉత్తరం అయిపోయిందన్న తొందరలో కవరు మీద రాసేది మరిచిపోతారు. నాకు తెలిసిన ఉపాయం ఒకటుంది: విషయం రాయకముందే పేజీ అడుగున పెన్సిలుతో ఓ చిన్న డబ్బా గీసి పెట్టుకోవాలి. ఖాళీ డబ్బా ఎదురుగా కనబడుతుంటే మరిచిపోరు.

ఆ ఇంటూ గుర్తుల సంగతి కూడా చెప్పాలి. జవాబు పత్రంలో ఎక్కడా సొంత పేరు, బడి పేరు, హాల్‌టికెట్టు నంబరు కనబడకూడదు. దిద్దేవాడికి రాసినవాడెవరో తెలియకూడదు కదా. అందుకని సంతకం చోట మూడు ఇంటూలు పెట్టడం రివాజు. సీబీఎస్ఈ వాళ్ళ ఇంగ్లీషు పేపర్లో ప్రశ్నలోనే ఓ పేరు ఇచ్చేస్తారు, అదే రాయాలి. పదో తరగతిలో అక్కడ ఈ ఉత్తరానికి 5 మార్కులు, 100 నుంచి 120 పదాల్లో ముగించాలి. పైగా అక్కడి వరస వేరు. అన్నీ ఎడమ అంచుకే వస్తాయి. మన చిరునామా, తేదీ, ఆ తరువాత సంపాదకుడి చిరునామా, విషయం, సంబోధన. మనం అడుగున రాసే చిరునామా అక్కడ పైకి ఎక్కుతుందన్నమాట. ఏ వరసైనా తప్పు లేదు గానీ, రెండింటినీ కలిపి వండకూడదు. పైన ఒకసారీ అడుగున ఒకసారీ చిరునామా ఉన్న కాగితం చూడగానే, పిల్లవాడు దేన్నీ సరిగా నేర్చుకోలేదని తెలిసిపోతుంది.

ఉత్తరం విన్నాక మనవరాలు ఓ వాక్యం చేరుద్దామంది: “డ్రైవర్లు సోమరులై ఏడు గంటల బస్సు తీసుకురావడం లేదు.” వద్దన్నాను. బస్సు రాలేదన్నది మనం చూసింది. ఎందుకు రాలేదో మనం చూడలేదు. బండి పాడయి ఉండవచ్చు, డ్యూటీకి మనిషి లేకపోయి ఉండవచ్చు. చూసింది రాయాలి, ఊహించింది రాయకూడదు.

“అరగంట మార్చడానికి వాళ్ళకేం కష్టం తాతయ్యా?” అని మళ్ళీ అడిగింది. కష్టం ఉండొచ్చు. డిపోలో ఒక బస్సుకు రోజంతా ట్రిప్పులు గొలుసులా కట్టి ఉంటాయి. మా ఊరు వెళ్ళి తిరిగొచ్చి, ఆ బస్సే ఇంకో ఊరు వెళ్ళాలి. ఇక్కడ అరగంట జరిపితే అక్కడ అరగంట జరుగుతుంది, డ్రైవరు డ్యూటీ దిగే వేళ కూడా జరుగుతుంది. అందుకని కుదరదనవచ్చు. అయినా “4.45కు మార్చండి” అన్నదానికి కుదురుతుందనో కుదరదనో ఒక జవాబుంటుంది. “బస్సులు మెరుగుపరచండి” అంటే దానికి జవాబే ఉండదు, “పరిశీలిస్తాం” అని ఊరుకుంటారు.

ఇంతలో దానికో బుద్ధి పుట్టింది. “ఎలాగూ రాశాం కదా, నిజంగానే పత్రికకు పంపేద్దామా?”

“పంపుదాం. ఏడు గంటల బస్సు నాలుగు రోజులు రాలేదని రాశావు. ఏ నాలుగు రోజులు?”

తల గోక్కుంది. “చాలాసార్లు రాలేదు తాతయ్యా. నాలుగు అని ఊరికే వేశాను.”

పరీక్షకు అది చాలు. అక్కడ నమ్మేలా ఉందా, పొంతన ఉందా అన్నదే చూస్తారు. అచ్చయ్యే ఉత్తరంలో మాత్రం అలా కుదరదు. డిపో వాళ్ళ దగ్గర ఏ రోజు ఏ ట్రిప్పు తిరిగిందో రాసి ఉంటుంది. మన నాలుగు తప్పని వాళ్ళు తేల్చేస్తే, మనం రాసిన నిజాలు కూడా దాంతోపాటే కొట్టుకుపోతాయి. పేరు చోట ఇంటూలు కూడా పనికిరావు. మన పేరు, చిరునామా, ఫోను నంబరు ఇవ్వాలి. రాసిన మనిషి ఉన్నాడో లేడో పత్రిక వాళ్ళు చూసుకోవాలి కదా.

అదిగో, లోపలికి వెళ్ళి పాత నోటుబుక్కు తెచ్చుకుంది. మొదటి పేజీలో నిలువుగా మూడు గళ్ళు గీసింది: తారీఖు, బస్సు రావలసిన వేళ, వచ్చిన వేళ. ఈ రోజు గడిలో ఏడు గంటల బస్సు ఏడూ ఇరవైకి వచ్చిందని రాసి, పక్కన “నిలబడి వచ్చాను” అని వేసుకుంది. ఇంకా పదమూడు రోజులు రాయాలి. ఆ కాయలు కాస్త ఇటు జరపండి, చల్లారిపోతున్నాయి.