ఎనిమిది సెట్లు, మళ్ళీ ఎనిమిది

మా ఎలమంచిలి పక్కనే వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. లక్క బొమ్మల ఊరు. 2017లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. మా మావయ్య అక్కడే బొమ్మలు చేస్తాడు. ఈ మధ్య ఒక షాపు ఆయనకి పెళ్ళి ఊరేగింపు సెట్లు 8 రెండోసారి ఆర్డర్ ఇచ్చి, "అదే పని కదా, ఈసారి కూలి సగం వేసుకో" అంది. "ఎంత చెప్పమంటావురా?" అని మావయ్య నన్నడిగాడు.

సగం అన్నమాట పూర్తిగా అన్యాయం కాదు. చేసే కొద్దీ చెయ్యి తిరుగుతుంది, టైమ్ తగ్గుతుంది. ఎంత తగ్గుతుందన్నదే ప్రశ్న. 1936లో టి.పి. రైట్ అనే ఇంజనీర్ విమానాల తయారీ ఖర్చుల మీద ఒక పేపర్ రాశాడు. మొత్తం తయారైన విమానాల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ, ఒక్కోదానికి పట్టే సగటు శ్రమ అంతకుముందున్న దాంట్లో సుమారు 80 శాతానికి తగ్గుతోందని అందులో చెప్పాడు. దీన్నే లెర్నింగ్ కర్వ్ అంటారు. ఇక్కడ సగటు అంటే మొదటి పీస్ నుంచి ఇప్పటిదాకా చేసినవాటన్నిటి సగటు. తర్వాత వచ్చే తిరకాసంతా ఈ మాటలోనే ఉంది.

మావయ్య కూలి లెక్క కోసం నోట్‌బుక్‌లో గంటలు రాస్తాడు. ఈ సెట్ డిజైన్ ఆయనకి కొత్త: పల్లకి, బోయీలు, సన్నాయి మేళం. శాంపిల్ సెట్‌కి 20 గంటలు పట్టింది. రెండోది చేసేసరికి మొత్తం 33 గంటలు, నాలుగయ్యేసరికి 52, ఎనిమిదయ్యేసరికి 82. సగటు చూస్తే 20, 16.5, 13, 10.25. రెట్టింపైన ప్రతిసారీ దాదాపు 80 శాతమే!

ఆ తగ్గుదల ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా ఆయనే చెప్పాడు. మొదటి సెట్‌లో పల్లకి బొంగుకి చిల్లు ఎక్కడ పెట్టాలో తేల్చడానికే ఒక పూట పోయింది. తర్వాత కొలతలకి ఒక పుల్ల గీసి పెట్టుకున్నాడు. తలలన్నీ ఒకేసారి లేత్ మీద తీసి, ఒక రంగు లక్క అన్నిటికీ పట్టించాకే ఇంకో రంగు ముట్టుకున్నాడు.

ఇప్పుడు రెండో ఆర్డర్. పాత సగటు 10.25 గంటలే వేస్తే మళ్ళీ 82 గంటలు అవుతాయి, షాపు ఒప్పుకోదు. 16 సెట్లకి సగటు 8.2 కాబట్టి 8 సెట్లకి 66 గంటలు అనుకోవడం ఇంకో పద్ధతి. చూడ్డానికి బాగుంటుంది కానీ తప్పు. ఆ 8.2లో శాంపిల్ నాటి 20 గంటలు కూడా కలిసి ఉన్నాయి, వాటికి డబ్బులు ఎప్పుడో వచ్చేశాయి. సరైన లెక్క తీసివేత: 16 సెట్ల మొత్తం 131 గంటలు, అందులో అయిపోయిన 82 తీసేస్తే 49. అంటే సెట్‌కి ఆరు గంటల పైచిలుకు.

అయితే ఈ 49 కూడా చెప్పొద్దన్నాను. మొదటి ఆర్డర్ అయి నాలుగు నెలలు దాటింది. అప్పటి కుర్రాడు అచ్యుతాపురంలో ఫ్యాక్టరీ పనికి వెళ్ళిపోయాడు, ఇప్పుడున్నవాడు కొత్త. నేర్చుకున్నది కొంత వాడితోపాటే పోయింది. అందుకని మావయ్య చేతిలో 8 సెట్ల అనుభవం కాకుండా 4 సెట్లదే మిగిలిందనుకుని మళ్ళీ లెక్క వేశాను:

```
from math import log
b = log(0.8) / log(2)
def total(n):
    return 20 * n * n**b
print(round(total(16) - total(8)))   # 49
print(round(total(12) - total(4)))   # 57
```

ఆ 4 అనేది నా అంచనా మాత్రమే, ఏ ఫార్ములా ఇవ్వదు. గంటకి 80 రూపాయల చొప్పున 57 గంటలకి 4,560. షాపు చెప్పిన సగం, అంటే 41 గంటలైతే 3,280. ఆ 1,280 రూపాయల తేడా మావయ్యకి రెండు రోజుల కూలి. చెక్క, లక్క ఖర్చు ఇందులో కలపలేదు, అది సెట్‌కి సెట్ ఉండాల్సిందే.

ఇంకో మాట మావయ్య నుంచి వచ్చింది. "లక్క పిడతలు చిన్నప్పట్నించి చేస్తన్నాను, వాటికి ఇంకేం తగ్గుద్దిరా?" నిజమే, అక్కడ కర్వ్ ఎప్పుడో చదునైపోయింది. కొత్త సెట్‌లోనూ తగ్గుదలకి ఒక అడుగు ఉంటుంది. తిరిగే అంకుడు కర్రకి లక్క కడ్డీ ఆనిస్తే, రాపిడి వేడికి కరిగి పట్టాలి. తర్వాత మొగలి ఆకుతో మెరుపు తేవాలి. తొందరపెడితే లక్క చారలు కడుతుంది. 32, 64 సెట్లకి కూడా ఇదే 80 శాతం వాడుకుంటూ పోతే ఆ అడుగు కిందకి దిగిపోతాం.

షాపు కాసేపు బేరమాడి 57 గంటలకే ఒప్పుకుంది. మొదటి రెండు సెట్లకి నా లెక్క ప్రకారం 16 గంటలు పట్టాలి, నోట్‌బుక్‌లో 17 ఉంది. తర్వాతి రెండూ 14, 15 గంటల్లో రావాలి. అవి కూడా 17 దగ్గరే ఆగితే, కొత్త కుర్రాడి విషయంలో నేను వేసిన 4 ఎక్కువైందన్నమాట.