ఆదివారం కంప్రెసర్

ఈసారి పోస్టు కొంచెం పొడుగే ఉంటది, ఏమనుకోకండి. కంపెనీలో మెయింటెనెన్స్ డ్యూటీ చేసేవాళ్లు మాత్రం ఆఖరిదాకా చదవండి, ఎప్పుడో ఒకరోజు అక్కరకు వస్తది.

నేను దుబాయ్‌లో ఒక చిన్న ప్లాస్టిక్ కంపెనీలో పనిచేస్తున్నాను. బాటిల్ మూతలు, చిన్న డబ్బాలు తీస్తాం. మోల్డింగ్ మెషీన్లు రాత్రీ పగలూ నడుస్తాయి, ఆదివారం చుట్టీ. నా పని కంప్రెసర్ రూం, చిల్లర్, పంపులు. పోయిన ఏడాది మా సేట్ కరెంటు బిల్లు చూసి చూసి, ఎనర్జీ ఆడిట్ చేయించాడు. ఒక మలయాళీ ఇంజినీరు మీటర్లు, క్లాంపులు పట్టుకుని వచ్చాడు. ఆడిట్ అంటే మాకేమో ఎవరి తప్పు పట్టడానికో వచ్చారన్న భయం. నాకు ఆ భయం కొంచెం ఎక్కువే, ఎందుకో ముందు చెప్తాను.

ఆయన మొదట మెషీన్ల దగ్గరికి రాలేదు. ఆఫీసులో కూర్చుని 12 నెలల బిల్లులు, అవే 12 నెలల ప్రొడక్షన్ లెక్క అడిగాడు. ఒక కాగితం మీద నెలకో చుక్క పెట్టాడు. అడ్డంగా ఎన్ని టన్నుల సరుకు తీశాం, నిలువుగా ఎన్ని యూనిట్లు కాలినయ్. ఎండాకాలం చుక్కలు కొంచెం పైన పడ్డాయి, చిల్లర్ ఎక్కువ నడుస్తది కాబట్టి. వాటిని వేరే రంగులో పెట్టాడు. మిగతా చుక్కల మధ్యలోంచి ఒక గీత గీశాడు. దాన్నే బేస్‌లైన్ అంటారట.

ఆ గీత చెప్పింది ఏమిటంటే, టన్ను సరుకుకు సుమారు 600 యూనిట్లు. కానీ గీతను ఎడమకు లాగితే, సరుకు సున్నా దగ్గర అది సున్నాకు రాలేదు. 28,000 దగ్గర ఆగింది. అంటే నెలంతా ఒక్క మూత తీయకపోయినా 28,000 యూనిట్లు కాలుతాయన్నమాట. గంటల లెక్కన చూస్తే ఇరవైనాలుగ్గంటలూ దాదాపు 39 కిలోవాట్లు ఊరికే పోతున్నట్టు. లైట్లు, చిల్లర్ పంపు, మెషీన్ల హీటర్లు కొంత తింటాయి. "మిగతాది ఎక్కడ పోతోంది భాయ్?" అని నన్నే అడిగాడు, హిందీలో.

నాకు తెలుసు. ఆదివారం పూట నేను కంప్రెసర్ ఆపను.

చాలా రోజుల కింద ఒకసారి ఆపాను. సోమవారం పొద్దున లైన్‌లో ప్రెషర్ ఎక్కేసరికి ఆలస్యమైంది, మెషీన్లు లేటుగా మొదలైనయ్, సూపర్‌వైజర్ అందరి ముందు తిట్టాడు. ఆ రోజు నుంచి ఆపడం మానేశాను. సరుకు లేనప్పుడు మిషన్ ఎట్లాగూ అన్‌లోడ్‌లో ఉంటది, అన్‌లోడ్‌లో కరెంటు తినదు అని నా ధైర్యం.

ఇంజినీరుకు అప్పుడే చెప్పలేదు. "ఆదివారం వచ్చి చూద్దాం సార్" అని మాత్రం అన్నాను. వీసా రెన్యూవల్ దగ్గర పడింది, ఊర్లో బిడ్డ కాలేజీ ఫీజు కట్టాలి. నోరు రాలేదు.

ఆదివారం ఇద్దరమే ఉన్నాం. ఒక్క మెషీన్ నడవట్లేదు, ఒక్క కంప్రెసర్ మాత్రం ఆన్. ఆయన సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, కంప్రెసర్ ఎన్ని సెకన్లు లోడ్‌లో ఉంది, ఎన్ని సెకన్లు అన్‌లోడ్‌లో ఉంది రాసుకున్నాడు. పది సార్లు రాసి సగటు తీశాడు. లోడ్ 84 సెకన్లు, అన్‌లోడ్ 156 సెకన్లు. మొత్తం 240లో 84 అంటే 35 శాతం. గాలి వాడేవాడు ఒక్కడూ లేడు, అయినా మిషన్ తన శక్తిలో 35 శాతం గాలి చేస్తోందంటే అదంతా లీకేజీయే. ఈ పరీక్షకు పెద్ద మీటర్ అక్కర్లేదు, వాచీ ఉంటే చాలు. ఎవరైనా చేయొచ్చు.

తర్వాత క్లాంప్ చూపించాడు. మాది 37 కిలోవాట్ల స్క్రూ కంప్రెసర్. లోడ్‌లో 41 కిలోవాట్లు గుంజుతోంది, మోటర్ నష్టాలు, ఫ్యాన్ కలిపి. అన్‌లోడ్‌లో 12. సున్నా కాదు, 12! ఇన్నాళ్లు నేను తినదు అనుకున్నది అదే. రెండూ కలిపి సగటు వేస్తే 22 కిలోవాట్లు. ఆదివారానికి 24 గంటలు, ఏడాదికి 52 ఆదివారాలు, సుమారు 27,600 యూనిట్లు. మాకు సర్‌చార్జీతో కలిపి యూనిట్ 44 ఫిల్స్ పడుతుంది. మొత్తం 12,000 దిర్హాములు దాటింది. నా జీతం 1,800. అంటే దాదాపు ఏడు నెలల నా జీతం ప్రతి ఏడూ చుట్టీ రోజున గాలికి పోయింది.

అప్పుడు చెప్పేశాను. "సార్, ఆపనిది నేనే. సూపర్‌వైజర్ తిట్టిండని భయపడి ఆపలే." ఆయన కాసేపు నా వైపు చూసి, "రిపోర్టులో మనిషి పేరు రాయం భాయ్, గంటలు రాస్తాం" అన్నాడు. సోమవారం రెండు గంటల ముందు టైమర్ పెట్టి ఆన్ అయ్యేట్టు చేయమన్నాడు. ప్యానెల్‌లో ఆ టైమర్ ముందు నుంచే ఉంది. ఖర్చు సున్నా.

పది రోజులకు రిపోర్టు డ్రాఫ్ట్ వచ్చింది. ఆఖర్లో ఒక పట్టిక. ఏం చేయాలి, ఎంత ఖర్చు, ఏడాదికి ఎంత మిగులుతుంది, పెట్టిన డబ్బు ఎన్నాళ్లకు వస్తుంది. ఖర్చును ఏడాది మిగులుతో భాగిస్తే వచ్చేదే పేబ్యాక్. మొదటిది ఆదివారం ఆపడం, పేబ్యాక్ వెంటనే. రెండోది లీకులు బాగు చేయడం. 35 నుంచి 12 శాతానికి తెస్తే ఏడాదికి 50,000 యూనిట్లు, 22,000 దిర్హాములు. ఖర్చు 6,000. మూడు నెలలు దాటగానే డబ్బు తిరిగొస్తుంది. మూడోది రెండో కంప్రెసర్ తీసేసి వీఎఫ్‌డీ ఉన్న కొత్తది కొనడం. గాలి అవసరాన్ని బట్టి మోటర్ వేగం తగ్గించుకునే రకం అది. ఖర్చు 62,000, ఏడాదికి మిగులు 21,800, పేబ్యాక్ రెండేళ్ల పది నెలలు.

సేట్ కన్ను మూడోదాని మీద పడింది. కొత్త మిషన్ కదా, చూపించుకోవడానికి బాగుంటది.

నేను ఆ లైను మళ్లీ మళ్లీ చదివాను. రెండో కంప్రెసర్ ఏడాదికి 7,500 గంటలు నడుస్తుందని వేసుకున్నారు. 313 పని దినాలు, రోజుకు 24 గంటలు, ఆ లెక్క. కానీ రెండోది రాత్రి నడవదు. రాత్రి సగం మెషీన్లే నడుస్తాయి, ఒక్క కంప్రెసర్ సరిపోతుంది. రోజూ పొద్దున హవర్ మీటర్ రీడింగ్ లాగ్‌బుక్‌లో రాసేది నేనే. రెండోది రోజుకు 12 గంటలే, ఏడాదికి 3,756. మీటింగ్‌లో సేట్, మేనేజర్, ఇంజినీరు ఉన్నారు. నేను చాయ్ పక్కన లాగ్‌బుక్ పట్టుకుని నిలబడ్డాను. కాళ్లు వణికినయ్, అబద్ధం ఎందుకు.

"సార్, గంటలు తప్పు పడ్డాయి" అని బుక్ తెరిచి పెట్టాను.

ఇంజినీరు అక్కడే లెక్క మార్చాడు. మిగులు సగమై 10,900కు వచ్చింది. పేబ్యాక్ ఐదేళ్ల ఎనిమిది నెలలకు పోయింది. సేట్ మొహం మారింది. ఇంజినీరు మాత్రం నన్ను తప్పుపట్టలేదు, "ముందే నిన్ను అడగాల్సింది" అన్నాడు.

ఇంకో సంగతి ఆయనే చెప్పాడు. పట్టికలోని మిగుళ్లన్నీ కూడి మొత్తం వేయకూడదట. లీకులు కట్టేస్తే గాలి అవసరమే తగ్గుతుంది, అప్పుడు కొత్త మిషన్ ఇచ్చే మిగులు కూడా మారుతుంది. అందుకని ముందు లీకులు, ఆ తర్వాత మళ్లీ కొలత, ఆ తర్వాతే కొనుడు.

నేను, ఒక నేపాలీ తమ్ముడు కలిసి రెండు ఆదివారాలు సబ్బునీళ్లు, ఎర్ర రిబ్బన్లు పట్టుకుని తిరిగాం. బుడగ వచ్చిన చోటల్లా రిబ్బన్. ఎక్కువ లీకులు పెద్ద పైపుల్లో లేవు. మెషీన్ల కింద క్విక్ కప్లింగుల్లో, పాత హోస్ పైపుల మూతుల దగ్గర, ఫిల్టర్ గిన్నెల దగ్గర ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది ట్యాంక్ కింద ఆటో డ్రైన్. నీళ్లు వదలాల్సింది తెరుచుకుని ఇరుక్కుపోయి గాలి వదులుతోంది. ఆ బుస్సుమనే చప్పుడు రోజూ వింటున్నాను, మిషన్ చప్పుడనుకున్నాను. సరుకు ఊదడానికి మూడు మెషీన్ల దగ్గర వట్టి పైపు పెట్టి ఉంచారు, వాటికి నాజిల్స్, రెగ్యులేటర్లు పెట్టాం. దానికి 1,500 దిర్హాములు కూడా కాలేదు. అన్నీ అయ్యాక పగలు కూడా ఒక్క కంప్రెసరే సరిపోయింది. రెండోది స్టాండ్‌బై. నడవని మిషన్‌లో ఆదా ఎక్కడిది? 62,000 ఖర్చు ఆగింది.

కథ ఇక్కడ అయిపోలేదు. పని డిసెంబర్‌లో ముగిసింది. జనవరి బిల్లు రాగానే అకౌంటెంట్ పైకి పిలిచాడు. నవంబర్‌లో 73,000 యూనిట్లు, జనవరిలో 76,500. "ఇంత చేసి పెరిగిందేంటి?" అన్నాడు. నా గుండె జారింది. తర్వాత ఆ గీత గుర్తొచ్చింది. నవంబర్‌లో తీసింది 75 టన్నులు, జనవరిలో 100 టన్నులు. పాత గీత ప్రకారం 100 టన్నులకు 28,000 ప్లస్ 60,000, మొత్తం 88,000 కాలాలి. కాలింది 76,500. మిగిలింది 11,500 యూనిట్లు, 5,000 దిర్హాముల పైన. కాగితం మీద రాసి ఇచ్చాను. బిల్లును బిల్లుతో పోలిస్తే అర్థం కాదు, గీతతో పోల్చాలి. బేస్‌లైన్ పెట్టేది అందుకేనని నాకు అప్పుడు తెలిసింది.

ఇప్పుడు మూడు నెలలకోసారి ఆదివారం అరగంట వాచీ పరీక్ష నేనే చేస్తున్నాను. పోయినసారి 12 శాతం ఉన్న లీకు 17కు ఎక్కింది. రెండు కప్లింగులు మళ్లీ వదులైనయ్. లీకు ఒకసారి కట్టేస్తే అయిపోదు, మళ్లీ వస్తది.

మీ కంపెనీలో కూడా ఆడిట్ జరిగితే రిపోర్టు ఆఖరి పేజీ ఒకసారి అడిగి చూడండి. ప్రతి లైనులో గంటలు ఎన్ని వేశారో చూడండి, మీ లాగ్‌బుక్‌తో పోల్చండి. ఆ గంటలు తెలిసింది సేట్‌కూ కాదు, ఇంజినీరుకూ కాదు, రోజూ మీటర్ ముందు నిలబడే మనకే.

వీసా రెన్యూవల్ అయింది. జీతం పెరగలేదు. సూపర్‌వైజర్ మాత్రం సోమవారం పొద్దున వచ్చి ప్రెషర్ గేజ్ చూసి, ఏమీ అనకుండా పోతున్నాడు.