బి.పి. ఉన్నవారు పన్ను పీకించుకోవచ్చా?

“బి.పి. ఉన్నవాళ్లకు పన్ను పీకకూడదటగా డాక్టరుగారూ! ఆ మత్తు ఇంజక్షన్లో గుండెకు పడని మందేదో ఉంటుందట గదా!” సర్కారు కొలువులో చేరిన నాటినుంచీ ఈ ప్రశ్న వింటూనే ఉన్నాను. దంతవైద్యుడు “బి.పి. చూపించుకు రండి” అని చీటీ రాసి పంపగానే సగంమంది హడలిపోతారు. కొందరు ఆ చీటీ జేబులో పెట్టుకుని తిన్నగా ఇంటికి పోయి, లవంగ నూనెతో నెలల తరబడి కాలక్షేపం చేస్తారు. ఈలోగా పన్ను అడుగున చీము పడుతుంది. కాబట్టి ఈ వారం ఆ భయం సంగతి చూద్దాం.

పంటి దగ్గర ఇచ్చే ఇంజక్షన్లో సాధారణంగా రెండు మందులుంటాయి. ఒకటి లిగ్నొకెయిన్. తిమ్మిరి ఎక్కించేది ఇదే. రెండవది అడ్రినలిన్. మీరు భయపడుతున్నది దీన్ని చూసే. కాని ఇది మీకు కొత్త పదార్థమేమీ కాదు. మీ మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న రెండు చిన్న గ్రంథులు దీన్ని రోజూ తయారు చేస్తూనే ఉంటాయి. చీకట్లో పాము కనబడితే గుండె దడదడలాడేది దీనివల్లనే.

మరి తిమ్మిరి మందులో దీన్నెందుకు కలుపుతారు? లిగ్నొకెయిన్‌ను ఒంటరిగా ఇస్తే అక్కడి రక్తనాళాలు విప్పారి, రక్తం దాన్ని త్వరగా కొట్టుకుపోతుంది. పంటి తిమ్మిరి కొద్ది నిమిషాల్లోనే వదలడం మొదలవుతుంది. అడ్రినలిన్ ఆ నాళాలను బిగిస్తుంది. మందు ఉన్నచోటనే ఉండి, పన్ను సుమారు గంటసేపు మొద్దుబారి ఉంటుంది. రక్తస్రావమూ తగ్గుతుంది. ఇది లేకుండా పని మొదలుపెట్టి మధ్యలో తిమ్మిరి వదిలిందనుకోండి, ఆ నొప్పికి మీ గ్రంథులే సిరంజిలో ఉన్నదానికంటే ఎక్కువ అడ్రినలిన్‌ను రక్తంలోకి వదలగలవు. అందుచేత బి.పి. మనిషికి తగు మోతాదులో అడ్రినలిన్ ఇచ్చి నొప్పి తెలియకుండా చేయడమే తరచు క్షేమం.

ఆ తగు మోతాదు ఎంతో లెక్క చూద్దాం. మన దేశంలో వాడే మందు సీసాల్లో చాలావాటి మీద 1:80,000 అని ఉంటుంది. ఎనభై వేల సి.సి.ల్లో ఒక గ్రాము అడ్రినలిన్ కలిపారని అర్థం. అంటే ఒక సి.సి.లో పన్నెండున్నర మైక్రోగ్రాములు. గ్రామును పది లక్షల భాగాలు చేస్తే ఒక్కొక్క భాగం మైక్రోగ్రాము. గుండెజబ్బు, బి.పి. ఉన్నవారికి ఒక విడత పనిలో 40 మైక్రోగ్రాములు దాటకుండా చూడడం ఆనవాయితీ. ఈ లెక్కన మూడు సి.సి.లకు కాస్త పైన. కింది దవడపన్ను ఒకటి తీయడానికి సాధారణంగా రెండు సి.సి.ల చిల్లర మందుతో పని జరిగిపోతుంది. ఒకే రోజు నాలుగు పళ్లు పీకించేసుకుంటానంటే మాత్రం ఈ హద్దు గుర్తు చేయవలసి వస్తుంది.

ఇక బి.పి. ఎంత ఉంటే పన్ను జోలికి వెళ్లవచ్చు? ఇక్కడ చాలామంది పొరబడతారు. 140/90 అనేది ఏళ్ల తరబడి మీ బి.పి.ని అదుపు చేయడానికి పెట్టుకున్న గీత. పన్ను పీకడానికి పెట్టుకున్న గీత వేరు. 160/100 లోపు ఉంటే మామూలు పంటిపనులన్నీ నిరభ్యంతరంగా చేయించుకోవచ్చు. అది దాటి 180/110 లోపున్నవారికి కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూస్తారు. తక్కిన ఆరోగ్యం బాగుంటే చిన్న పనులు జాగ్రత్తగా చేసి, మందులు సరిచూడమని మా దగ్గరకు పంపుతారు. పైఅంకె 180 గాని, కిందిఅంకె 110 గాని చేరితే, తొందరలేని పనిని వాయిదా వేయాలి. రెండింటిలో ఏది చేరినా చాలు.

ఒక ఉదాహరణ చెబుతాను. అరవై దాటిన రిటైర్డు గుమాస్తా ఒకాయన కింది దవడపన్ను నొప్పితో వచ్చారు. దంతవైద్యుడి గదిలో చూస్తే 194/114. నేను అడిగిన మొదటి ప్రశ్న, “పొద్దున బి.పి. మాత్ర వేసుకున్నారా?” అని. “లేదండీ, పన్ను పీకుతారు గదా అని పరగడుపున వచ్చాను,” అన్నారు. రెండు రాత్రులుగా నిద్ర కూడా లేదట. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలమీద పెట్టించి, మాటల్లేకుండా అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, చొక్కా చెయ్యి పైకి తీసి మళ్లీ చూశాను. 184/110. ఛాతీనొప్పి, ఆయాసం, చూపు మసకబారడం వంటివి లేవు. ముఖం వాపు, జ్వరం కూడా లేవు. కనుక ఆగవచ్చు.

“నాలిక కింద ఏదైనా మాత్ర పెట్టి ఇప్పుడే దించెయ్యండి,” అన్నారాయన. అది ఒకప్పటి పద్ధతి. బి.పి.ని అలా ఒక్కసారిగా పడగొడితే మెదడుకు, గుండెకు రక్తం చాలక పక్షవాతమో గుండెపోటో రావచ్చు. అందుకని ఆ పని చేయలేదు. నొప్పికి పారాసిటమాల్ రాశాను. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి బిళ్లలు బి.పి.ని పెంచుతాయి గనుక వద్దన్నాను. పాత మాత్రనే రోజూ తప్పకుండా వేసుకోమన్నాను. రెండు వారాలకు 152/92కు దిగింది. ఆ ఉదయం ఇడ్లీ తిని, మాత్ర వేసుకుని వచ్చారు. రెండు సి.సి.ల మందు పట్టింది. అంటే 25 మైక్రోగ్రాముల అడ్రినలిన్. పది నిమిషాల తరువాత 158/90. పన్ను తీయించుకుని నడిచి ఇంటికి వెళ్లారు.

ఇందులో పాఠకులు గమనించవలసింది, తిమ్మిరి ఇంజక్షనుకు పరగడుపు అవసరం లేదు. షుగరు ఉన్నవారికి అది ప్రమాదం కూడాను. బి.పి. మాత్ర ఆ రోజు మానకూడదు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే వాటినీ మీ అంతట మీరు ఆపవద్దు.

ఇంజక్షన్ చేసిన నిమిషంలోపే గుండె దడ, చేతుల వణుకు వస్తే కంగారుపడకండి. మందు కొంత రక్తనాళంలోకి వెళ్లి ఉండవచ్చు. కొద్ది నిమిషాల్లో తగ్గిపోతుంది. ఇందుకే దంతవైద్యుడు సూది గుచ్చాక పిస్టన్ వెనక్కి లాగి రక్తం రాలేదని చూసుకుని, మందు నెమ్మదిగా ఎక్కిస్తాడు. ఈ దడనే చాలామంది “నాకు ఆ ఇంజక్షన్ పడదు” అని చెప్పుకుంటారు. అది ఎలర్జీ కాదు. దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం వస్తే మాత్రం సంగతి వేరు. దడ అయినా, ఛాతీనొప్పి అయినా వెంటనే దంతవైద్యుడికి చెప్పాలి.

కొందరు ముందుగా నోరు విప్పి చెప్పవలసినవి ఉన్నాయి. బి.పి.కో, పార్శ్వనొప్పికో, చేతుల వణుకుకో ప్రొప్రనొలాల్ వాడుతున్నవారిలో కొద్ది అడ్రినలిన్‌కే బి.పి. బాగా పెరిగి, నాడి మందగించవచ్చు. ఈమధ్యనే గుండెపోటు వచ్చినవారు, థైరాయిడ్ ఎక్కువై అదుపులో లేనివారు కూడా చెప్పాలి. మోతాదు తగ్గించడమో, అడ్రినలిన్ లేని మందు వాడడమో, పనిని వాయిదా వేయడమో వైద్యుడే నిర్ణయిస్తాడు. మీ మాత్రల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకు వెళ్లండి, పేర్లు గుర్తుపెట్టుకునే శ్రమ తప్పుతుంది.

ఒక్క సందర్భంలో మాత్రం ఈ అంకెల కోసం ఇంట్లో కూర్చోకూడదు. దవడ కింద వాపు దిగుతున్నా, నోరు తెరుచుకోకపోయినా, మింగడం కష్టమైనా, జ్వరం వచ్చినా, బి.పి. ఎంత ఉన్నా ఆ రోజే పెద్ద ఆస్పత్రికి వెళ్లాలి. చీము తీయడం, బి.పి. చూసుకోవడం అక్కడ రెండూ ఒకేసారి జరుగుతాయి.

పని పూర్తయ్యాక చివాలున లేవకండి. కుర్చీ నిటారుగా చేయించుకుని రెండు నిమిషాలు కూర్చుని లేవండి. బి.పి. మాత్రలు వేసుకునేవారికి పడుకుని లేచేటప్పుడు కళ్లు తిరగడం మామూలే.