కవరు విప్పక ముందే

ఓ గురువారం సాయంత్రం ఖురంలోని మా ఇంటికి చేరేసరికి మా ఆవిడ తమ్ముడు హైదరాబాదు నుంచి ఫోన్లో ఉన్నాడు. “బావగారూ, మీ మస్కట్‌లోనే ఒక కంపెనీకి టెండరు వేశాం. వస్తే నాకు ఇన్సెంటివ్ కూడా ఉంది” అన్నాడు సంబరంగా. కంపెనీ పేరు వినగానే నా గుండె గుభేలుమంది. నేను కన్సల్టెంటుగా పనిచేస్తున్నది అక్కడే! స్టోర్స్‌కు కొత్త సాఫ్ట్‌వేరు ఎంపిక చేసే కమిటీలో నేనూ ఒకణ్ణి. ఏదో చెప్పి మాట మార్చేశాను.

“మీరు మార్కులు న్యాయంగానే వేస్తారుగా, చెప్పడం ఎందుకు? ఉన్న ఉద్యోగం పోతే?” అంది మా ఆవిడ. ఉద్యోగంతోనే ముడిపడిన వీసా మరి. ఆమె భయం అర్థం లేనిది కాదు.

ఒమన్‌లో ప్రభుత్వోద్యోగుల స్వప్రయోజన సంఘర్షణపై 2011లో 112వ నంబరు రాజశాసనం వచ్చింది. మాది ప్రైవేటు సంస్థ కనుక మాకు కంపెనీ నియమావళే ఆధారం. ఆదివారం పొద్దున్నే కంప్లయన్స్ ఆఫీసరుకు మెయిల్ రాశాను. బంధుత్వం ఏమిటి, అతనికొచ్చే లాభం ఏమిటి, నాకెప్పుడు తెలిసింది, ఈ టెండరులో ఇప్పటిదాకా నేను చేసిన పనేమిటి, అన్నీ అందులో పెట్టాను. నోటిమాటగా చెబితే రేపు రుజువుండదు కదా.

కమిటీ నుంచి తప్పిస్తే సరిపోతుందనుకున్నాను. ఆయన మాత్రం “స్పెసిఫికేషన్ ఎవరు రాశారు?” అని అడిగారు. సగం నేనే రాశాను! మార్కులు వేసేవాడికన్నా ప్రశ్నపత్రం రాసేవాడి చేతిలోనే ఎక్కువ ఉంటుందని అప్పుడు తెలిసింది.

నేను రాసిన భాగాన్ని మరో ఇంజనీరు చదివారు. “ఇదే సాఫ్ట్‌వేరుతో మూడు ప్రాజెక్టులు చేసి ఉండాలి” అన్న షరతు కొద్దిమందికే సరిపోతుందని తేల్చి, “ఇలాంటి ప్రాజెక్టులు” అని సడలించారు. ఆ మార్పును బిడ్డర్లందరికీ ఒకేసారి తెలియజేసి, గడువు వారం పెంచారు. ఇదంతా కవర్లు విప్పకముందు కనుక కుదిరింది. ధరలు చూశాక షరతు మారిస్తే, ఎవరికోసం మార్చారన్న ప్రశ్న వస్తుంది. అప్పుడు చెప్పడమంటే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. నన్ను మెయిల్ గ్రూపు నుంచి, ఫైళ్ళున్న ఫోల్డరు నుంచి కూడా తీసేశారు.

చివరికి టెండరు మా బావమరిది కంపెనీకే దక్కింది. ఓడిన ఒక కంపెనీ ఫిర్యాదు చేసింది. కానీ తేదీతో సహా నా మెయిల్, మారిన షరతు ఫైల్లో ఉన్నాయి. విచారణ అక్కడితో ముగిసింది. నా ఉద్యోగమూ నిలిచింది.

కానీ కథ కంచికి వెళ్ళలేదు. సాఫ్ట్‌వేరు పరీక్షలు, బిల్లుల ఆమోదం కూడా నేను ముట్టుకోకూడదన్నారు. మా బావమరిది పని మీద మస్కట్ వచ్చినప్పుడు ఖురం బీచ్‌లో పిల్లలతో ఆడుకున్నాం, ఇంట్లో పులిహోర తిన్నాం. ప్రాజెక్టు మాట మాత్రం ఇద్దరం ఎత్తలేదు.