పెజ్ డబ్బాల కథ

ఈబే పుట్టుక కథ ఇప్పటికీ ఎవరో ఒకరు షేర్ చేస్తూనే ఉంటారు. పియర్ ఒమిడ్యార్‌కి కాబోయే భార్య పెజ్ పిప్పరమెంట్ల డబ్బాలు సేకరించేదట, ఆవిడ కోసమే 1995లో వేలం సైటు పెట్టాడట. అది అల్లిన కథ. సైటు గురించి విలేకరులు పట్టించుకోవడం లేదని 1997లో కంపెనీ పీఆర్ ఉద్యోగిని వండి వడ్డించింది. 2002లో ఈబే గురించి ఆడమ్ కోహెన్ రాసిన పుస్తకంతో గుట్టు రట్టయింది. ఒమిడ్యార్‌కి కాబోయే భార్యకి ఆ డబ్బాల సరదా ఉన్నమాట నిజమే, సైటు పెట్టడానికి కారణం మాత్రం అది కాదు. ఇలాంటి కథల్లో అతుకు సరిగ్గా ఇక్కడే ఉంటుంది: వివరం నిజం, కారణం కల్పితం.

"కథన్నాక కాస్త కుదించరా, ఎవరికి నష్టం?" అనొచ్చు. కుదించుకోండి, కారణం మార్చకండి. పైగా అసలు సంగతే ఇంకా బాగుంది (నా మట్టుకు)! ఆ సైటులో మొదట అమ్ముడైంది పాడైపోయిన లేజర్ పాయింటర్, 14.83 డాలర్లకి. అది పనిచేయదని తెలుసా అని ఒమిడ్యార్ అడిగితే, నేను సేకరించేవే పాడైనవి అన్నాడట కొన్నాయన. వేలం సైటు ఎందుకు నడుస్తుందో ఇందులోనే ఉంది. ఫౌండర్ కథ రాసేవాళ్లు, మొదటిరోజుల్లో పక్కనున్న ఒక్కరికైనా చూపించి "ఇందుకే మొదలుపెట్టామా?" అని అడగాలి. వాళ్లు తటపటాయిస్తే ఆ ముక్క తీసేయడమే.

మీకు అనుమానమొచ్చిన బ్రాండ్ కథ ఏదైనా ఉందా?