గుంపు చివర నిలబడ్డవాళ్ల బట్టలు

గోదావరికి వరదొచ్చిన రోజులు. ఎడిషన్ వదలడానికి ముప్పావు గంట ఉందనగా మా డెస్క్ కుర్రాడు ఒక ఫొటో తెచ్చి చూపించాడు. బురదనీటి ఒడ్డున నలభై మంది దాకా జనం, పడవెక్కడానికి నిలబడ్డ బడిపిల్లలు. "కోనసీమ లంక పిల్లల పాట్లు" అంటూ వాట్సాప్‌లో తిరుగుతున్న ఫొటో అది.

"అన్నా, మొదటి పేజీకి పంపేయనా?"

"ఆగు తమ్ముడూ. ముందు ఆ ఆడపిల్లల చున్నీలు చూడు" అన్నాను.

ఇరవై ఏళ్లకు పైగా నా పని ఇదే. ఫొటో ఎవరు తీశారో, ఎక్కడ తీశారో తెలియనప్పుడు దాన్ని వాడవచ్చో లేదో తేల్చాలి. దుకాణం బోర్డో బండి నంబరో కనిపిస్తే సగం పని అయిపోయినట్టే. అవేవీ లేనప్పుడు మిగిలేవి మనుషుల ఒంటిమీది బట్టలు.

ఆ ఫొటోలో పిల్లలు లేత నీలం కమీజులు, తెల్ల సల్వార్లు వేసుకున్నారు. ఇంతవరకూ ఏ ఊరైనా కావచ్చు. కానీ వాళ్ల ఛాతీ మీద రెండు తెల్లటి గుడ్డ పట్టీలు ఇంటూ గుర్తులా అడ్డంగా దిగి, నడుం దగ్గర అదే గుడ్డ బెల్టు కింద బిగిసి ఉన్నాయి. మన దగ్గర ఉన్నత పాఠశాల పిల్లలు చున్నీని మడతపెట్టి, రెండు భుజాల మీద పిన్ను పెట్టుకుంటారు. ముందు భాగం వంపు తిరిగి కిందికి దిగుతుంది, కొసలు వీపు మీద వేలాడతాయి. దాని మీద బెల్టు బిగించడం నేను మన బడుల్లో చూడలేదు. ఇంటూ పట్టీ, బెల్టు కలిసి కనిపించేది బంగ్లాదేశ్ బడుల్లో.

ఒక్క గుర్తుతో తేల్చేస్తే పప్పులో కాలేసినట్టే. అందుకే దగ్గర పోలికలున్న ప్రాంతాలను ఒక్కొక్కటే పక్కన పెట్టుకుంటూ వచ్చాను. పశ్చిమ బెంగాల్లో పై తరగతుల ఆడపిల్లలు చాలా బడుల్లో అంచున్న చీర కట్టుకుని వెళతారు. అస్సాం ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో మేఖలా చాదర్ యూనిఫాంగా కనిపిస్తుంది. ఈ ఫొటోలో పెద్ద పిల్లలు కూడా సల్వార్లలోనే ఉన్నారు. ఆ రెండు చోట్లా సల్వార్ బడులూ ఉన్నాయి కాబట్టి, వాటిని కొట్టేయలేదు; వెనక్కి జరిపానంతే.

తర్వాత గుంపు చివర నిలబడ్డవాళ్ల దగ్గరికి వెళ్లాను. ముందు వరసలో ఉన్నవాళ్లకు కెమెరా సంగతి తెలుసు, సర్దుకుని నిలబడతారు. చివర ఉన్నవాళ్లు రోజూ ఎలా ఉంటారో అలాగే ఉంటారు. అక్కడ గళ్ల లుంగీలు, భుజాన ఎర్రగళ్ల తువ్వాళ్లు, ఇద్దరి తలల మీద తెల్ల టోపీలు. చీరకొంగు తలమీదికి లాక్కున్న ఆడవాళ్లు.

మా కుర్రాడు టోపీలు చూసి "ఐతే బంగ్లాదేశేగా అన్నా" అన్నాడు. ఆ తొందర వద్దన్నాను. తెల్ల టోపీ మతాన్ని చెబుతుంది, ఊరిని చెప్పదు. మచిలీపట్నంలోనూ అదే టోపీ. గళ్ల లుంగీ సంగతీ అంతే, అది గోదావరి గట్టు మీదా కనిపిస్తుంది. ఉక్కపోతా, వానా, మోకాటి లోతు నీళ్లూ ఉన్నచోట పలచటి నూలుబట్ట, మడిచి కట్టుకునే కట్టు, చెప్పుల్లేని కాళ్లు ఉండి తీరతాయి. గోదావరి డెల్టా అయినా గంగ డెల్టా అయినా ఆకాశం అడిగేది ఒకటే. కాబట్టి వాతావరణం చెప్పే బట్టలతో ఈ రెండింటినీ విడదీయలేం. విడదీసేది అలవాటు. మన లంకల్లో పనిలో ఉన్న ఆడవాళ్లు కొంగు నడుముకు దోపుకుంటారు; ఇక్కడ కొంగు తలమీదుంది. మన ఆడపిల్లల గుంపులో ఒక్క జడలోనైనా పువ్వు ఉండేది. ఇక్కడ ఒక్కటీ లేదు.

చివరికి పడవ పక్క చెక్కను జూమ్ చేస్తే సగం చెరిగిన రాత కనిపించింది. బెంగాలీ, అస్సామీ లిపులు దాదాపు ఒకటే అయినా 'ర' అక్షరం వేరు: బెంగాలీలో దాని కింద చుక్క ఉంటుంది, అస్సామీలో కడుపులో అడ్డగీత ఉంటుంది. ఈ రాతలో ఉన్నది చుక్క. ఇమేజ్ సెర్చ్‌లో వెతికితే అదే ఫొటో నాలుగేళ్ల కిందటి బంగ్లాదేశ్ వరద వార్తలో దొరికింది. పేజీలో ఆ చోటు వేరే వార్తకు వెళ్లింది.

కొన్ని దేశాల్లో యూనిఫాం ఇంత శ్రమ పెట్టదు. శ్రీలంక ప్రభుత్వ బడుల పిల్లల గుంపు తెల్లగా మెరుస్తూ ఉంటుంది. మయన్మార్ ప్రభుత్వ బడుల్లో తెల్ల చొక్కా, కింద ఆకుపచ్చ లుంగీ. బుగ్గల మీద థనాకా చెక్క అరగదీసిన పూత కూడా ఉంటే సందేహం అక్కర్లేదు. రంగూన్ వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలైనా ప్రభుత్వ బడికి అవే వేసుకుని వెళతారు. యూనిఫాం బడిని చెబుతుంది, వంశాన్ని కాదు. మన కేంద్రీయ విద్యాలయాలది మరో తీరు. అవి దేశమంతా ఉన్నాయి కాబట్టి వాటి యూనిఫాం ప్రాంతం చెప్పదు, కాలం చెబుతుంది. 2012లో తెల్ల చొక్కా పోయి గళ్ల చొక్కా వచ్చింది. గళ్లు కనిపిస్తే ఫొటో అంతకు ముందుది కాదు.

తలమీది వాటితో ఇంకో చిక్కుంది. రంగుల పట్టీ ఉన్న కులు టోపీ చూడగానే హిమాచల్ అనిపిస్తుంది. అయితే అక్కడ అతిథులకు ఆ టోపీ పెట్టి సత్కరిస్తారు, వాళ్లు దాన్ని ఊరికి తెచ్చుకుంటారు. వేదిక మీద మెరిసే కొత్త టోపీ ఒకటుంటే అది ఏ ఊరిదో చెప్పలేం. వెనక వరసల్లో, స్వెట్టర్ల మీద, అంచులు నలిగి వెలిసిపోయిన టోపీలు పదీ పన్నెండు కనిపిస్తే ఊరు దొరికినట్టే. ముందుకు ఆకుపచ్చ మఖమల్ మడత ఉంటే కిన్నౌర్, రాంపూర్ వైపు చూడాలి. నేను వెతికేది కొత్తదనం కాదు, అరుగుదల.

ఈ పనిలో నన్ను ఇప్పటికీ బాధపెట్టే తప్పు ఒకటుంది. పదేళ్ల కిందట ఒక డిసెంబరులో పాడేరు వైపు నుంచి ఒక విలేకరి ఫొటో పంపాడు. బడి ముందు స్వెట్టర్లు, మంకీ క్యాపుల్లో పిల్లలు, దుప్పట్లు కప్పుకున్న పెద్దలు, వెనక మంచు. ఉత్తరాది ఫొటో ఎక్కడో దొరికితే పంపాడనుకుని పక్కన పడేశాను. మర్నాడు ఆయన ఫోన్ చేశాడు.

"సార్, చలికి తెల్లారగట్ట లేచి రెండు గంటలు నిలబడి తీశాను. అది మా ఊరి బడే సార్."

ఫొటో మళ్లీ తెరిచి చూశాను. దుప్పటి కప్పుకున్న ఒక తల్లి కొప్పులో బంతిపువ్వు ఉంది. స్వెట్టర్ల కింద పిల్లల కాళ్లకు బూట్లు లేవు, హవాయి చెప్పులున్నాయి. నెలల తరబడి చలి ఉండే ఊళ్లో పిల్లలు అలా బయటికి రారు. తెల్లవారుజామున వణికించి, పది గంటలకు ఎండ కాసే చలి అది. అటువైపే ఉన్న లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉందని చదివి కూడా, చలంటే ఉత్తరాది అని ఊహించుకున్నాను. స్వెట్టర్ రాష్ట్రాన్ని చెప్పదు. ఆ ఒంటికి ఆ పూట చలేసిందని మాత్రమే చెబుతుంది.

ఆ విలేకరికి క్షమాపణ చెప్పి, మరుసటి రోజు ఫొటో వేశాం. అప్పటి నుంచి డెస్క్‌కు కొత్తగా వచ్చినవాళ్లకు ఆ రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను. మనదిలా కనిపించిన పరాయి ఊరు ఒకటి, పరాయిదిలా కనిపించిన మన ఊరు ఒకటి. ముందు చున్నీ చూడమంటాను, తర్వాత చెప్పులు.