గీత ఉండనీ, నీరసం పోనీ

తిరుమలాయపాలెం చుట్టుపక్కల ఊళ్లలో చాలా ఇళ్ల గోడల మీద పెద్దవాళ్ల ఫోటో ఒకటి కనబడుతుంది. ఎక్కువగా అది వాళ్లు పోయాక, దశదిన కర్మకు ముందు ఆదరాబాదరాగా చేయించింది. ఆధార్ కార్డు మీది బొమ్మనో, పెళ్లి గుంపులోంచి కత్తిరించిన ముఖాన్నో పెద్దది చేసి దండ వేస్తారు. ఈమధ్య కొందరు కొడుకులు, కూతుళ్లు తల్లిదండ్రులు బతికుండగానే మంచి ఫోటో చేయించమని అడుగుతున్నారు. నాకది ఎంతో సంతోషం. చిక్కల్లా ఒక్కటే. ఆ ఆలోచన వాళ్లకు వచ్చేది అమ్మ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన వారంలోనే. భయం పూర్తిగా తగ్గకముందే ఫోన్ తీసి ఫోటో కొడతారు. అందులో అమ్మా ఉంటుంది, జబ్బూ ఉంటుంది. ఆ రెంటినీ విడదీయడమే నా పని.

ఖమ్మంలో నాకు ఈ పని నేర్పిన పెద్దాయన నెగెటివ్‌ల కాలం మనిషి. అప్పట్లో బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్‌ను కింద నుంచి వెలుగు పడే బల్ల మీద పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో సరిదిద్దేవారు. ఫోటోలో నల్లగా పడే ముడత నెగెటివ్‌లో పలచగా, తేటగా ఉంటుంది. అక్కడ పెన్సిల్ పొడి పడితే ఆ చోటు చిక్కబడి, ప్రింటులో ముడత కొంచెం తేలికపడుతుంది. పెన్సిల్ నలుపును తగ్గించగలదు గానీ ముడతను పూర్తిగా మాయం చేయడం కష్టం. అలా చేయబోతే అక్కడ తెల్లటి మరక తేలేది. ఆ పనిముట్టుకున్న హద్దే ఆయనకు పద్ధతి అయింది. "గీతను తుడవకు బిడ్డా, గీతలో చీకటిని తగ్గించు" అనేవాడు. కంప్యూటర్‌కు ఆ హద్దు లేదు. ఒక్క నొక్కుతో డెబ్బై ఏళ్లూ తుడిచిపెట్టుకుపోతాయి. అందుకే ఇప్పుడు హద్దు మనమే పెట్టుకోవాలి. నేను పెట్టుకున్నది ఇది: వయసు గీతలో ఉంటుంది, నీరసం నీడలోనూ రంగులోనూ ఉంటుంది. నీడనూ రంగునూ సరిచేస్తే మనిషి కోలుకున్నట్టు కనిపిస్తుంది. గీత జోలికి వెళితే మనిషే మారిపోతుంది.

మొన్న వచ్చిన ఒక ఫోటో సంగతి చెబుతాను. మిరప, పత్తి చేలల్లో బతుకంతా పనిచేసిన తల్లి. జ్వరంతో వారం రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చింది. వసారాలో ట్యూబ్‌లైట్ కింద తీసిన ఫోటో. ముఖానికి పచ్చటి ఛాయ, కళ్ల కింద నీలం కలిసిన నలుపు, ఎండిన పెదవులు, కణతల దగ్గర గుంటలు, చేతి మీద సూది గుచ్చిన చోట ప్లాస్టర్. కొడుకు ఫోన్ చేసి, "అన్నా, అమ్మను జరంత తెల్లగ చెయ్, బుగ్గలు నింపు" అన్నాడు. అమ్మకు ఫోన్ ఇమ్మన్నాను. ఎవరి ముఖమో వాళ్లను అడగడం మర్యాద. ఆమె, "కండ్ల కింద నలుపు తియ్యి బిడ్డా. ప్లాస్టర్ కనపడొద్దు" అంది. ముడతల మాటే ఎత్తలేదు.

మొదట చర్మాన్ని ముట్టుకోలేదు. చీర తెల్ల అంచును గుర్తుగా పెట్టుకుని మొత్తం ఫోటో రంగు సరిచేశాను. పచ్చదనం దిగేసరికి సగం జబ్బు దానంతటదే పోయింది. చాలామంది ఈ ఒక్క మెట్టూ దాటేసి, ట్యూబ్‌లైట్ చేసిన తప్పుకు చర్మాన్ని రుద్దుతారు. తరువాత ఖాళీ లేయర్ ఒకటి తీసి, హీలింగ్ బ్రష్‌తో ప్లాస్టరు, దోమకాటు, పెదవి మీది పగుళ్లు తీసేశాను. రెండు వారాల్లో మానిపోయేవన్నీ తీసేయొచ్చని నా లెక్క. ఏళ్ల తరబడి ఉన్నదాన్ని తీయను.

కళ్ల కింద భాగమే అసలు పరీక్ష. అక్కడ బ్రష్‌తో పక్క చర్మం తెచ్చి అతికితే సంచులూ ముడతలూ పోయి, ప్లాస్టిక్ ముఖం తయారవుతుంది. నేను కర్వ్స్ లేయర్‌తో ఆ నీడను వెలుగులోకి తెచ్చి, నీలాన్ని తగ్గించి కాస్త ఎరుపూ పసుపూ కలిపాను. మాస్కు మీద మెత్తటి బ్రష్‌తో ఆ చోటు వరకే తెరిచి, లేయర్ బలాన్ని సగానికి దించాను. గీతలన్నీ అక్కడే ఉన్నాయి, చీకటి మాత్రం పలచబడింది. కణతల గుంటలకూ అదే మందు. లిక్విఫైతో బుగ్గలు ఉబ్బించలేదు. ఎముక మీద ముఖం కూర్చున్న తీరును బట్టే మనవరాలు నాయనమ్మను గుర్తుపడుతుంది.

కళ్లలో ఎర్రజీరల రంగు తగ్గించాను గానీ తెల్లగా చేయలేదు. పెద్ద వయసులో కంటి తెలుపుకు కాస్త పసుపు ఉంటుంది. నల్లగుడ్డు చుట్టూ బూడిదరంగు వలయం వస్తుంది. అవి పోతే బొమ్మ కళ్లవుతాయి. వాకిలి వెలుతురు కంట్లో చుక్కలా మెరుస్తోంది. దాన్ని ఇంకొంచెం పెంచాను. ముఖానికి ప్రాణం అక్కడుంది.

ఆమె నొసటి మీద పచ్చబొట్టు ఉంది. చర్మాన్ని వాటంతట అవే నునుపు చేసే యాప్‌లు పచ్చబొట్టును మచ్చ అనుకుని చెరిపేస్తాయి. కళ్ల కింద నీలాన్ని తగ్గించే లేయర్ నుదుటి దాకా పాకినా అది వెలిసిపోతుంది. మా మండలంలోని తండాల నుంచి వచ్చే లంబాడా అవ్వల ఫోటోల్లో ఇది మరీ జాగ్రత్తగా చూడాలి. చుబుకం మీది చుక్కలు, నగల బరువుకు సాగిన చెవి తమ్మెలు ఆ ముఖాలకు చిరునామాలు. ఒంటి రంగును తెల్లగా చేయమని అడిగితే మాత్రం నేను చేయను. ఆ నలుపు ఆ తల్లి ఎండలో సంపాదించుకున్నది, అంతకుముందు తల్లిదండ్రులు ఇచ్చింది.

పని శ్రుతి మించిందని చెప్పేవి మెడా చేతులూ. ముఖం నలభై ఏళ్లది, వేళ్లు డెబ్బై ఏళ్లవి అయితే చూసేవాళ్లకు ఏదో తేడా కొడుతుంది, ఏమిటో చెప్పలేరు. అందుకని ఫోటోను అప్పుడప్పుడు చిన్నది చేసి ముఖాన్నీ చేతుల్నీ కలిపి చూస్తాను. పని ఒక రాత్రి పక్కనపెట్టి, పొద్దున్నే పాతదీ కొత్తదీ మార్చి మార్చి చూస్తాను. పొద్దుటి కంటికి ఎక్కువైందనిపిస్తే లేయర్ బలం తగ్గిస్తాను. దాదాపు ప్రతిసారీ తగ్గించాల్సే వస్తుంది.

సరిదిద్దినా బాగుపడని ఫోటోలూ ఉన్నాయి. ఫోన్‌లో బ్యూటీ మోడ్ పెట్టి తీస్తే చర్మం వివరాలు అక్కడే పోతాయి, వాటిని మళ్లీ పుట్టించలేం. ముఖానికి మరీ దగ్గరగా ఫోన్ పెడితే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే పొడవు వైపు సుమారు 1600 పిక్సెళ్లే మిగలొచ్చు. 12x18 అంగుళాల ప్రింటు నిండుగా రావాలంటే 5400 ఉండాలి. మందుల వల్ల ముఖం బాగా ఉబ్బి ఉంటే కొన్నాళ్లు ఆగడమే మంచిది.

కాబట్టి అమ్మకో నాన్నకో ఫోటో తీయాలనుకుంటే పొద్దున పూట, వాళ్లు కడుపునిండా తిని తేటగా ఉన్నప్పుడు, ఎండ నేరుగా పడని వాకిలి వైపు ముఖం పెట్టి కూర్చోబెట్టండి. ఐదారు అడుగుల దూరం నుంచి తీయండి. ఫైలును డాక్యుమెంటుగా పంపండి. దానితో పాటు వాళ్లు బాగున్న రోజుల ఫోటో ఒకటి పంపితే, ఏది జబ్బు తెచ్చిందో, ఏది వాళ్లదో మాకు తెలుస్తుంది. సరిచేసిన ఫోటో గోడకు ఎక్కించాక కూడా, తీసినప్పటి ఫైలును చెరపకుండా దాచుకోండి.